మూడు స్విచ్చులు, మేడమీద ఒక బల్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో బ్యాంకు పరీక్షలకి, ఇంటర్వ్యూలకి చదివే పిల్లలకి రీజనింగ్ చెప్తా. సంవత్సరానికి ఒకసారైనా ఈ స్విచ్చుల లెక్క వస్తాది, వచ్చినప్పుడల్లా అవే డౌట్లు. వాళ్ళు అడిగినవి, మా ఇంట్లోవాళ్ళు అడిగినవి, నన్ను నేనే తిట్టుకుంటా అడుక్కున్నవి అన్నీ కలిపి ఇక్కడ పెడతా ఉండా.

అసలు లెక్క ఏంది?

కింద మెట్ల దగ్గర బోర్డులో మూడు స్విచ్చులు ఉండాయి, మూడూ ఆఫ్‌లోనే ఉండాయి. మేడమీద తలుపేసిన రూములో ఒక బల్బు ఉండాది. మూడింట్లో ఒక్కటే ఆ బల్బుది, మిగతా రెండూ దానికి సంబంధం లేనివి. కింద నుంచి బల్బు కనపడదు, వెలుతురు కూడా రాదు. స్విచ్చుల్ని ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, తీసుకోవచ్చు, ఎంతసేపైనా ఆగొచ్చు, కానీ పైకి పోయేది ఒక్కసారే, పోయినాక మళ్ళీ కిందికొచ్చి స్విచ్చులు ముట్టుకోకూడదు. పైకి పోయి చూసి ఏది దానిదో చెప్పాల.

అందరూ చెప్పే జవాబు ఏంది?

మొదటి స్విచ్చు వేసి పది నిమిషాలు వదిలేస్తారు. తర్వాత దాన్ని ఆపేసి రెండోది వేసి వెంటనే పైకి పోతారు. బల్బు వెలుగుతా ఉంటే రెండోది. ఆరిపోయి ఉండి ముట్టుకుంటే వేడిగా ఉంటే మొదటిది. ఆరిపోయి చల్లగా ఉంటే మూడోది.

ఇది ఎందుకు పనిచేస్తాదంటే, కంటికి కనపడేది రెండే కదా, వెలుగుతాందా లేదా అని. రెండు జవాబులతో మూడు స్విచ్చుల్ని విడగొట్టలేము, కంటితో మాత్రమే అయితే రెండుసార్లు మేడ ఎక్కాల్సిందే. బల్బు మాత్రం ఇప్పుడెట్లా ఉందో చూపించడమే కాదు, కాసేపటి క్రితం ఎట్లా ఉన్నిందో కూడా వేడి రూపంలో దాచుకుంటాది. ఆ దాచుకున్నదాన్ని చేత్తో చదువుతా ఉండాం, దాంతో ఒక ట్రిప్పు తగ్గింది, అంతే.

అది పాత గుండు బల్బు రోజుల జవాబు, ఇప్పుడు ఎల్ఈడీ బల్బులు కదా సార్, అవి వేడెక్కవు కదా?

ఇది ప్రతి బ్యాచిలో ఎవరో ఒకరు గెలిచినట్టు మొహం పెట్టి అడుగుతారు. వేడెక్కవు అనేది తప్పు. తక్కువ వేడెక్కుతాయి, పైగా వేరే చోట వేడెక్కుతాయి, సంగతంతా ఆ వేరే చోటులోనే ఉండాది.

గుండు బల్బులో లోపల తీగ సుమారు 2500 డిగ్రీలకి పోతాది, తీసుకునే కరెంటులో వందకి తొంభై పాళ్ళు పైనే వేడిగా పోతాది. 60 వాట్ల బల్బు అంటే యాభై వాట్ల పైన వేడి, ఆ వేడి నేరుగా గాజుకి తగులుతాది కాబట్టి గాజు కాలిపోతా ఉంటాది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులో కూడా సగానికి పైన వేడిగానే పోతాది, అంటే ఓ ఐదారు వాట్లు. గుండు బల్బుతో పోలిస్తే పదో వంతు. కానీ ఆ ఐదారు వాట్లు పైన తెల్లగా ఉండే ప్లాస్టిక్ బుర్రలోకి రావు. లోపల చిన్న చిన్న ఎల్ఈడీలు ఒక అల్యూమినియం రేకు మీద కూర్చోని ఉంటాయి, ఆ రేకు నుంచి వేడి కిందికి, బుర్రకీ పిన్నులకీ మధ్య ఉండే మెడ భాగానికి దిగుతాది. కరెంటుని మార్చే చిన్న సర్క్యూటు కూడా ఆ మెడలోనే ఉంటాది, దాని వేడి కూడా అక్కడికే.

జనం ఏం చేస్తారంటే బుర్ర పట్టుకొని చూసి, ఏముంది చల్లగానే ఉండాది అంటారు. మెడ పట్టుకోవాల సామీ. కావాలంటే ఈ రాత్రికి మీ ఇంట్లో ఓ అరగంట నుంచి వెలుగుతున్న ఎల్ఈడీ బల్బు ఆపి, ఒక వేలు బుర్ర మీద, ఇంకో వేలు మెడ మీద పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తాది.

ఎంతసేపు వెలిగించాల? ఆపినాక ఎంతలోపు పోయి ముట్టుకోవాల?

గుండు బల్బుకి రెండు మూడు నిమిషాలు కూడా ఎక్కువే. ఎల్ఈడీకి అంత తొందరగా పని కాదు, నేనైతే పదిహేను ఇరవై నిమిషాలు వదిలేస్తా, మెడలోని అల్యూమినియం మెల్లిగా వేడెక్కుతాది కాబట్టి. ఆ మెల్లితనమే ఇంకో పక్క లాభం, చల్లారేది కూడా మెల్లిగానే.

చల్లారడం ఎట్లా ఉంటాదంటే, బల్బుకీ చుట్టుపక్కల గాలికీ ఎంత తేడా ఉంటే అంత జోరుగా దిగుతాది, తేడా తగ్గేకొద్దీ జోరూ తగ్గతాది. ఉదాహరణకి మెడ గాలి కంటే 30 డిగ్రీలు ఎక్కువుందనుకోండి, ఐదు నిమిషాలకి ఆ తేడా సగమవుతాదనుకోండి. ఐదు నిమిషాలకి 15, పదికి ఏడున్నర, పదిహేనుకి నాలుగు కంటే తక్కువ. చెయ్యి నాలుగు డిగ్రీల తేడాని గట్టిగా చెప్పలేదు, అది వేడో మన భ్రమో తెలియదు. అందుకని ఆపినాక రెండు మూడు నిమిషాల్లో చెయ్యి పెట్టేయాల. మేడ తాళంచెవి యాడ పెట్టినామా అని వెతుక్కునే ఇళ్ళల్లో తాళంచెవి ముందే జేబులో వేసుకోండి, ఇది జోకు కాదు, నాకు జరిగింది.

మే నెలలో తిరుపతిలో అన్నీ వేడిగానే ఉంటాయి కదా, చల్ల బల్బు అని ఎట్లా చెప్తాం?

మంచి డౌటు. మధ్యాహ్నం నలభై దాటిన రోజు, పైన శ్లాబు కాగిపోయిన రూములో, గంటల తరబడి ఆపేసి ఉన్న బల్బు కూడా చేతికి వెచ్చగానే తగులుతాది. మనకి కావాల్సింది బల్బు వేడి కాదు, పక్కనున్న వాటికంటే బల్బు ఎంత ఎక్కువ వేడి అనేది. అందుకని ముందు ఆ రూములోనే వాడని ఇంకో ప్లాస్టిక్ వస్తువు, స్విచ్చు బోర్డు గానీ ఒక బకెట్టు గానీ, ముట్టుకొని తర్వాత బల్బు మెడ ముట్టుకోవాల. తలుపు గడియలాంటి ఇనుముతో పోల్చొద్దు, ఇనుము చేతి వేడిని గబుక్కున లాగడమో, తన వేడిని గబుక్కున చేతికి ఇవ్వడమో చేస్తాది, ఒకే వేడిలో ఉన్నా మనకి వేరేగా తగులుతాది.

కరోనా అప్పుడు కొన్న నుదుటి గన్ను ఇంట్లో ఉంటే అది పనికొస్తాదా అని ఒక అమ్మాయి అడిగింది. అది మనిషి ఒంటి వేడి చుట్టూనే కొలిచేటట్టు చేసినది, చాలా వాటిల్లో అంతకు కిందికి పోతే `Lo` అని, పైకి పోతే `Hi` అని వస్తాది. మన పనికి `Hi` వచ్చినా చాలు అనుకుంటాం గానీ, ఎండాకాలం శ్లాబు కింద చల్ల బల్బుకి కూడా ఏమొస్తాదో చెప్పలేము, చెయ్యే నయం.

మీరు ఇదంతా ఎప్పుడైనా నిజంగా చేసినారా, ఊరికే బోర్డు మీద చెప్తారా?

చేసినా, తప్పు చేసినా కూడా. మేము కొర్లగుంటలో ఒక ఇంటి కింద పోర్షన్లో బాడుగకి చేరిన కొత్తల్లో జరిగింది. మెట్ల కింద బోర్డులో మూడు స్విచ్చులు, మేడమీద సామాన్లు పెట్టుకునే చిన్న రూము. ఇంటి ఓనరక్కని అడిగితే, "ఒకటి ఆ రూముది సార్, ఒకటి ముందర గేటు లైటుది, అది తీసేసినాం, ఇంకోటి దేనిదో మాకే తెలీదు" అనింది. నాకు లోపల లడ్డు దొరికినట్టయింది, ఇన్నేళ్ళు బోర్డు మీద గీసిన లెక్క నా మెట్ల కిందే ఉండాదని.

ఎడమ పక్కది వేసినా, పదిహేను నిమిషాలు కాఫీ తాగినా, ఆపినా, నడిమిది వేసినా, ఇరవై రెండు మెట్లు ఎక్కి తలుపు తీసినా. బల్బు ఆరిపోయి ఉండాది. మెడ పట్టుకున్నా, చల్లగా ఉండాది. ఇంకేముంది, కుడి పక్కది అని తేల్చేసి, కిందికొచ్చి మార్కరుతో దాని మీద "రూము" అని రాసేసినా. మా ఆవిడ చూసి భలే అనింది కూడా.

రాత్రి అట్టపెట్టె కోసం ఆమె కుడి పక్కది వేసి పైకి పోతే చీకటి. "మీ లెక్కలు మీ పిల్లలకే చెప్పండి" అని కేకేసింది పైనుంచి.

మరుసటి రోజు మా చిన్నాయన కొడుకు వచ్చినాడు, వాడు వైరింగ్ పని చేస్తాడు. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగినాడు, "అన్నా, ఆ బల్బు అసలు వెలుగుతాదని నీకెవరు చెప్పినారు?" అని. పైకి పోయి బల్బుని హోల్డర్లో లోపలికి నొక్కి తిప్పినాడు. పిన్ను హోల్డర్లో స్ప్రింగులు వదులైపోయి బల్బు సరిగ్గా తగులుకోలేదు. అంటే నేను చేసిన పరీక్షంతా, ఏ స్విచ్చు వేసినా వెలగని బల్బు మీద చేసిన పరీక్ష.

అయితే మీ తప్పు యాడ ఉండాది? బల్బు పోవడం లెక్కలో లేదు కదా?

లెక్కలో లేదు, ఇంట్లో ఉంటాది. మామూలు జవాబులో మూడో స్విచ్చుకి సాక్ష్యం ఏమీ లేదు, చూడండి. మొదటిదానికి వేడి సాక్ష్యం. రెండోదానికి వెలుతురు సాక్ష్యం. మూడోదానికి? ఆ రెండూ లేవు కాబట్టి ఇదే అయ్యుంటాది అనే ఊహ. ఆరిపోయి చల్లగా ఉన్న బల్బు మూడో స్విచ్చుదైనా కావచ్చు, ఫ్యూజైనా కావచ్చు, హోల్డర్ వదులైనా కావచ్చు, ఆ లైనుకి కరెంటే లేకపోవచ్చు. అన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

మరి ఒక్క ట్రిప్పులోనే ఆ ఊహ లేకుండా చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, అదీ ఎల్ఈడీ బల్బుతోనే బాగా అవుతాది. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే, ఇంటర్వ్యూల్లో ఎవరూ అడగరు.

బల్బు మనకి రెండు సంగతులు చెప్తాది, వెలుగుతాందా లేదా, మెడ వేడిగా ఉండాదా లేదా. రెండు రెళ్ళు నాలుగు. వెలుగుతా వేడిగా, వెలుగుతా చల్లగా, ఆరిపోయి వేడిగా, ఆరిపోయి చల్లగా. మామూలు జవాబులో వెలుగుతా ఉంటే మెడ ముట్టుకోకుండానే రెండోది అనేస్తాం, అంటే ఒక గడి వేస్టు పోయింది. ఆ గడిని వాడుకుంటే మూడు స్విచ్చులకీ మూడు సాక్ష్యాలు ఇచ్చి, ఆరిపోయి చల్లగా ఉండే నాలుగో గడిని "ఏదో తేడా ఉండాది" అనేదానికి వదిలేయొచ్చు.

మా ఇంట్లో బల్బు సరిచేసినాక తమ్ముడూ నేనూ చేసింది ఇది. ఎడమదీ నడిమిదీ రెండూ కలిపి ఒకేసారి వేసి ఇరవై నిమిషాలు వదిలినాం. తర్వాత ఎడమదాన్ని అట్లే ఉంచి, నడిమిదాన్ని ఆపి, కుడిదాన్ని అప్పుడే వేసి, వెంటనే మెట్లెక్కినాం. ఇప్పుడు బల్బు ఎడమదైతే ఇరవై నిమిషాలుగా వెలుగుతానే ఉండాల, అంటే వెలుగుతా వేడిగా. నడిమిదైతే ఇంతసేపూ వెలిగి ఇప్పుడే ఆరింది, అంటే ఆరిపోయి వేడిగా. కుడిదైతే ఇప్పుడే వెలిగింది, అంటే వెలుగుతా చల్లగా. ఆరిపోయి చల్లగా ఉంటే ఏ స్విచ్చూ కాదు, బల్బుని అడగాల, హోల్డర్ని అడగాల.

తలుపు తీస్తే వెలుగుతాంది. మెడ పట్టుకుంటే బాగా వెచ్చగా ఉండాది, వేలు పెట్టి ఉంచుకోగలిగినా తీసేయాలనిపించేంత. ఎడమది! ముందు రోజు పదిహేను నిమిషాలు నేను కాఫీ తాగతా వేసి ఉంచినది అదే. మార్కరు గుర్తు తుడవడానికి స్పిరిట్ దొరక్క చాలా రోజులు కుడి స్విచ్చు మీద "రూము" అనే ఉన్నింది, కొట్టేసి.

ఇదే పద్ధతి గుండు బల్బుకి ఎందుకు వద్దంటారు?

వెలుగుతా చల్లగా అనే గడి దానికి నిలవదు కాబట్టి. గుండు బల్బు గాజు పల్చగా ఉంటాది, తీగ వేడి అంతా నేరుగా దాని మీదే పడతాది, వేసిన కొన్ని సెకన్లకే వెచ్చబడి, మీరు మెట్లెక్కి తలుపు తీసేసరికి బాగా కాలుతా ఉంటాది. ఇప్పుడే వేసినదీ, ఇరవై నిమిషాల క్రితం వేసినదీ చేతికి ఒకేలా తగులుతాయి. ఎల్ఈడీ మెడ మాత్రం మొదటి నిమిషంలో పెద్దగా కదలదు. ఎల్ఈడీ వచ్చి ఈ లెక్కని చెడగొట్టింది అంటారు గానీ నన్నడిగితే బాగుచేసింది.

పైగా వెలుగుతున్న గుండు బల్బుని ముట్టుకోమని నేనెవరికీ చెప్పను, వేలు బొబ్బలెక్కుతాది.

మీ దగ్గర గుండు బల్బే ఉంటే పాత జీరో బల్బు పెట్టుకోండి. పేరుకే జీరో, పాతవి ఇంచుమించు 15 వాట్లు తినేవి, అప్పటి మీటర్లు అంత చిన్న లోడుని సరిగ్గా పట్టుకునేవి కాదు కాబట్టి ఆ పేరు నిలబడింది అంటారు. పెద్ద బల్బంత కాలకుండా వేడి చెప్తాది. ఇప్పుడు అదే పేరుతో అమ్మే అర వాటు ఎల్ఈడీ జీరో బల్బులు మాత్రం ఈ పనికి రావు, వేడి నిజంగానే తెలియదు.

నాలుగు స్విచ్చులుంటే?

పైన చెప్పిన నాలుగో గడిని నాలుగో స్విచ్చుకి ఇచ్చేయండి, దాన్ని అసలు ముట్టుకోకుండా వదిలేస్తే ఆరిపోయి చల్లగా ఉన్నప్పుడు అదే. కానీ అప్పుడు నా కుడి స్విచ్చు కథే మళ్ళీ, ఫ్యూజైన బల్బుని కనిపెట్టే దారి పోయింది.

ఐదు కావాలంటే వేడిలోనే మెట్లు పెట్టాల. ఒకదాన్ని ఆపి ఎనిమిది నిమిషాలు ఆగి, ఇంకోదాన్ని పైకి పోయే ముందు ఆపితే, ఒకటి గోరువెచ్చగా ఇంకోటి బాగా వేడిగా ఉంటాది. కాగితం మీద బాగుంటాది, చేత్తో చెప్పాలంటే ముందే రెండు మూడుసార్లు అలవాటు చేసుకొని ఉండాల. రెండు ట్రిప్పులకి ఒప్పుకుంటే ఇంత తిప్పలు అవసరమే లేదు, నాలుగు గడుల పద్ధతిలో మొదటి ట్రిప్పులో పదహారు స్విచ్చుల్ని నాలుగేసి గుంపులుగా పెట్టి ఏ గుంపో తేల్చుకొని, బల్బు చల్లారేదాకా ఆగి, రెండో ట్రిప్పులో ఆ నాలుగింట్లో ఏదో తేల్చేయొచ్చు.

స్విచ్చు ఆఫ్‌లో ఉన్నా మా బల్బు మసగ్గా వెలుగుతా ఉంటాది, దాన్ని ఆన్ అనుకోవాలా ఆఫ్ అనుకోవాలా?

ఆఫ్. ఇది ఎల్ఈడీలకి ఎక్కువగా వచ్చే జబ్బు, లెక్కని నిజంగా తికమక పెట్టేది కూడా ఇదే. రెండు కారణాలు ఎక్కువ చూస్తాం. స్విచ్చులోనే చిన్న ఎర్ర ఇండికేటర్ లైటు ఉంటే, ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ ఇండికేటర్‌కి పోయే కొద్ది కరెంటు బల్బు గుండానే పోతాది, ఎల్ఈడీకి ఆ కొద్దే చాలు మిణుకుమనడానికి. రెండోది, వైరింగ్ చేసినవాళ్ళు స్విచ్చుని ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో పెట్టేసి ఉంటారు, అప్పుడు ఆపినా బల్బుకి ఫేజు తగిలే ఉంటాది, పక్క వైర్ల ద్వారా కొంచెం కొంచెం కరెంటు కారి మసగ్గా వెలుగుతాది, లేదంటే కాసేపటికోసారి టక్కుమని మెరుస్తాది. గుండు బల్బుకి ఇంత తక్కువ కరెంటు ఎందుకూ చాలదు, అందుకే పాత రోజుల్లో ఇది ఎవరికీ తెలియలేదు.

మసక వెలుగుకీ అసలు వెలుగుకీ తేడా పగలు తెలియకపోవచ్చు గానీ రూములో చీకటి ఉంటే స్పష్టంగా తెలుస్తాది. ఒక మాట, ఆ మసక వెలుగు వల్ల ఒక లాభం కూడా ఉండాది, బల్బు బాగానే ఉండాదని, హోల్డర్లో తగులుకునే ఉండాదని చెప్పినట్టే.

ఆరిపోయిన బల్బు ముట్టుకుంటే షాక్ కొట్టదా?

బల్బు బుర్రనీ, ప్లాస్టిక్ మెడనీ పొడి చేత్తో ముట్టుకుంటే ఏం కాదు. హోల్డర్ లోపలికి వేలు పోనియ్యొద్దు, పాత ఇళ్ళల్లో ఇత్తడి హోల్డర్లుంటే వాటి ఒంటిని అస్సలు పట్టుకోవద్దు. ఆరిపోయింది కాబట్టి కరెంటు లేదు అనుకోవడమే ఇక్కడ ప్రమాదం, పైన చెప్పినట్టు స్విచ్చు న్యూట్రల్‌లో ఉంటే బల్బు ఆరిపోయి ఉన్నా రెండు పిన్నుల దగ్గరా ఫేజు ఉంటాది, టెస్టర్ పెడితే రెండుచోట్లా వెలుగుతాది. మా తమ్ముడు బల్బు నొక్కి తిప్పే ముందు కింద ఎంసీబీ దించి మరీ పోయినాడు, నేను చేసుంటే దించేవాణ్ణి కాదు.

బల్బు అందనంత ఎత్తులో ఉంటే?

స్టూలు. స్టూలు తీసుకెళ్ళడం రెండో ట్రిప్పు కాదు, మొదటి ట్రిప్పులోనే చేత్తో పట్టుకొని పోండి.

రూములో బల్బు బదులు ఫ్యాను ఉంటే మాత్రం స్టూలు కూడా అక్కర్లేదు, నిలబడి చూస్తే చాలు. సీలింగ్ ఫ్యాను ఆపినాక కూడా ఆ ఊపులో చాలాసేపు తిరుగుతాది కదా, బల్బుకి వేడి ఎట్లనో ఫ్యానుకి ఆ తిరుగుడు అట్లా. బల్బుకి చేసినట్టే ముందు ఎడమదీ నడిమిదీ వేసి ఉంచి, తర్వాత నడిమిది ఆపి కుడిది వేసి గబగబా ఎక్కండి. నిలకడగా ఫుల్లు స్పీడులో తిరుగుతుంటే ఎడమది, స్పీడు తగ్గుతా వస్తుంటే నడిమిది, పెరుగుతా వస్తుంటే కుడిది, కదలకుండా ఉంటే ఏదో తేడా. కాకపోతే కొత్తగా వేసిన ఫ్యాను కొద్ది సెకన్లలోనే స్పీడు అందుకుంటాది, రెగ్యులేటర్ తక్కువలో పెడితే కొంచెం టైము దొరుకుతాది, లేదంటే ఇరవై రెండు మెట్లు మీరు పరిగెత్తాల్సిందే.

మధ్యలో కరెంటు పోతే?

మళ్ళీ మొదటి నుంచి. వేడెక్కించేటప్పుడు పోతే మీకే తెలుస్తాది, ఇబ్బంది లేదు. సరిగ్గా మీరు మెట్లెక్కేటప్పుడు పోతేనే చిక్కు, ఆరిపోయి వేడిగా ఉండే బల్బు నడిమిదైనా కావచ్చు, కరెంటు పోవడం వల్ల ఆరిన ఎడమదైనా కావచ్చు. అందుకే మెట్ల మీదనో వరండాలోనో ఇంకో లైటు వేసి పెట్టుకోండి, అది వెలుగుతా ఉంటేనే మీరు చూసింది లెక్కలోకి వస్తాది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళల్లో ఆ లైటు ఇన్వర్టర్ లైను మీద, రూము బల్బు మామూలు లైను మీద ఉండొచ్చు, అప్పుడు ఆ సాక్ష్యం చెల్లదు, ఇన్వర్టర్‌కి సంబంధం లేని లైటే చూసుకోవాల.

ఆన్ ఎటు, ఆఫ్ ఎటు అనేది కూడా తెలియకపోతే?

మన దగ్గర మామూలుగా కిందికి నొక్కితే ఆన్, అమెరికాలో పైకి. బోర్డు తిరగేసి బిగించినవాళ్ళని కూడా చూసినా. మెట్ల దగ్గర పైనా కిందా రెండు స్విచ్చులతో ఒకే లైటు వెలిగేటట్టు పెట్టిన టూవే స్విచ్చు అయితే మాత్రం ఏ వైపు ఆన్ అనేదే ఉండదు, పైన స్విచ్చు ఎట్లుందో దాన్ని బట్టి మారుతాది. పైన రూములో కూడా ఒక స్విచ్చు ఉంటే అది టూవేనేమో ముందే అడిగి తెలుసుకోండి. బల్బు మొదట ఆఫ్‌లో ఉండాదని ఖాయంగా తెలిస్తే, ఏ వైపు ఉన్నా కదిపితే ఆన్ అనుకొని పద్ధతి నడిపించొచ్చు, అదీ తెలియకపోతే ఈ నాలుగు గడులతో ఒక్క ట్రిప్పులో అవ్వదు.

తలుపు కింద సందులో వెలుతురు చూస్తే? లోపల ఫోను పెట్టి వీడియో తీస్తే?

సందులోంచి చూసేది కూడా పైకి పోయినట్టే. ఫోను పెట్టాలంటే ముందు లోపలికి పోవాల కదబ్బా, మళ్ళీ తెచ్చుకోవాలంటే రెండోసారి పోవాల. పైన ఎవరినైనా ఉంచి అరవమనడం మా ఆవిడ చెప్పిన జవాబు, ఇంట్లో నిజంగా పనికొచ్చేది అదే, లెక్క ఒప్పుకోదు అంతే.

ఇంటర్వ్యూలో అడిగితే ఏ జవాబు చెప్పాల?

ముందు మామూలు జవాబు చెప్పేయండి, వాళ్ళ కాగితంలో ఉండేది అదే. ఎల్ఈడీ అయితే అని వాళ్ళు అడ్డం తగిలితే మెడ సంగతి, పదిహేను ఇరవై నిమిషాల సంగతి చెప్పండి. ఇంకా కూర్చోబెట్టి వింటా ఉంటే మూడో స్విచ్చుకి సాక్ష్యం లేదని, నాలుగో గడిని తేడా పట్టుకోవడానికి వాడొచ్చని చెప్పండి. పోయిన బ్యాచిలో ఒక పిల్లోడు ఇది మొత్తం చెప్పేసి వచ్చినాడంట. "బల్బు ఫ్యూజైతే ఏం చేస్తావు" అని అడిగినారంట, వాడు "హోల్డర్లో నొక్కి తిప్పి చూస్తా సార్" అన్నాడంట, నవ్వినారంట.